గెడ్డ దాటని నర్సమ్మ

నాకు కోపం ఎక్కువ, భయం తక్కువ అని మా ఇంట్లో పేరు. కోడెదూడ తాడు తెంచుకుని వీధిన పడితే అన్నయ్యలిద్దరూ అరుగెక్కేవారు, నేను ఎదురెళ్ళేదాన్ని. అందుకే డెబ్బైల్లో నర్సు ట్రైనింగు పూర్తయి ఏజెన్సీలో ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మ నా గురించి బెంగ పెట్టుకోలేదు. "కొండోళ్ళే జాగర్తగా ఉండాలి దీంతోటి" అంది.

మా ఆసుపత్రి అరకు నుంచి పాడేరు వెళ్ళే దారికి దిగువన, మూడు పెంకుటి గదుల్లో ఉండేది. ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, నేను, ఒక ఆయా. ఆయా ఆ కొండల మనిషే. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. ఊరూరూ తిరిగి గర్భిణులను చూడడం, పిల్లలకు సూదులు వెయ్యడం, పిలిస్తే పురుడు పొయ్యడం నా పని. నా కింద ఆరు ఊళ్ళు. నాలుగు ఇవతల, రెండు గెడ్డకు అవతల. గెడ్డ అంటే కొండవాగు. ఎండాకాలం మోకాలి లోతు, వానాకాలం నడుం లోతు, పెద్దవాన పడితే ఎవరూ దిగకూడనంత లోతు. దాని మీద మద్దిమాను దుంగ ఒకటి పడేసి ఉండేది. అదే వంతెన.

అలవాటు లేని మనిషిని దుంగ దాటించడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. చెయ్యి పట్టుకోరు. ఒక వెదురుకర్ర తెచ్చి, ముందు నడిచేవాళ్ళు ఒక చివర పట్టుకుని, రెండో చివర మనకిస్తారు. ఆయా అలాగే నన్ను రెండేళ్ళు దాటించింది. మూడో ఏడు శ్రావణమాసంలో, నాచు పట్టిన దుంగ మీద నా కాలు జారింది.

జరిగింది చాలా చిన్న సంగతి. నడుం లోతు నీళ్ళలో పడ్డాను. ఆయా, పొలంలో ఉన్న ఒకాయన కలిసి రెండు నిమిషాల్లో బయటికి లాగారు. మోకాలు చెక్కుకుపోయింది, ఒక చెప్పు, మందుల సంచీ కొట్టుకుపోయాయి. ఆ సాయంత్రం కాంపౌండరు గారికి ఆ కథంతా నేనే నవ్వుతూ చెప్పాను.

మళ్ళీ వారం అదే రోజున గట్టుకు వెళ్ళాను. దుంగ కనపడగానే గుండె దడదడలాడింది. నోరెండిపోయింది. "ఇవాళ ఒంట్లో బాగోలేదు" అని ఆయాతో చెప్పి వెనక్కి తిరిగాను. పది అడుగులు వేశానో లేదో, ప్రాణం లేచి వచ్చింది. ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. గెడ్డలో పడ్డ రోజు నాకేమీ కాలేదు. నన్ను పాడుచేసింది ఆ పది అడుగుల హాయి. అది అప్పుడు తెలియలేదు.

ఆ తరువాత వారం తలనొప్పి. ఆ పై వారం రిజిస్టర్లు రాయాలి. తరువాత అబద్ధం చెప్పాల్సిన పనే లేకపోయింది, ఆయానే అడగడం మానేసింది. వర్షాలు వెనకబట్టి, గెడ్డ తగ్గి, చిన్నపిల్లలు చేపలకోసం నీళ్ళలో ఆడుతున్నా నేను దాటలేదు. పోనీ భయం దుంగ దగ్గరే ఆగిందా అంటే అదీ లేదు. కొన్నాళ్ళకు నీళ్ళ చప్పుడు వినపడే మలుపు దగ్గరే ఆగిపోవడం మొదలైంది. ఇంకొన్నాళ్ళకు రోడ్డు మీది సిమెంటు తూము దాటాలన్నా మధ్యగా నడిచేదాన్ని. నేను ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తుంటే అది ఒక్కొక్క అడుగే ముందుకొచ్చింది.

అందరూ మంచివాళ్ళు కావడం నా ఖర్మ. సంత గెడ్డకు ఇవతలే జరుగుతుంది కనుక సంతనాడు అక్కడే బల్ల వేసుకుని అవతలి ఊళ్ళవాళ్ళను చూడమన్నారు కాంపౌండరు గారు. అల్లం బుట్టలకూ ఎండుచేపల గుట్టలకూ మధ్య నా బల్ల. నడవగలిగిన వాళ్ళు వచ్చేవాళ్ళు. రాలేనివాళ్ళ లెక్క నాకు తెలియదు. అవతలి ఊరి మగవాళ్ళయితే ఇంకా మంచివాళ్ళు. నర్సమ్మ పడిపోయిందని, ఇంకొక మాను కొట్టి దుంగ పక్కన దుంగ జతచేశారు. పట్టుకోవడానికి వెదురుతో ఒక దడి కూడా కట్టారు. అంత కష్టపడ్డారని ఆ రోజు వెళ్ళి చూశాను. చూసీ చూడగానే "ఆ వెదురు విరిగితే?" అనుకున్నాను. భయానికి దుంగ వెడల్పుతో పనిలేదని ఆ రోజే నాకు తెలిసి ఉండాల్సింది. తెలియలేదు సరికదా, దడి గట్టిగా కట్టలేదని వాళ్ళ మీద విసుక్కున్నాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ దడి తరువాతి వానలకే కొట్టుకుపోయింది. దుంగలు మాత్రం ఉన్నాయి.

ఇలా ఏడాది దాటింది. కార్తీకమాసంలో ఒక సంతకు అవతలి ఊరి నుంచి ఒక కోడలుపిల్ల వచ్చి నా బల్ల ముందు నిలబడింది. ఆరో నెల. అంతకుముందు రెండు కాన్పులు. రెండుసార్లూ చచ్చిన బిడ్డే. వెంట అత్త వచ్చింది. పిల్ల తల ఎత్తదు. ఎడమ మోచేయి మొత్తం గీరుకుపోయి ఉంది.

"ఏమయింది?" అన్నాను.

"దుంగ మీద జారినాది. కూకుండిపోనాది గావట్టి సరిపోనాది" అంది అత్త. "నువ్వు రావు గదమ్మా మరి. మేమే వత్తాము."

తిట్టినట్టు అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. నేను మోచేతికి మందు రాశాను, సూది వేశాను, బిడ్డ గుండె విన్నాను. కాన్పుకు ఆసుపత్రికి తీసుకురమ్మన్నాను. అత్త తల అడ్డంగా ఊపింది. వాళ్ళలో కాన్పు సొంత పొయ్యి ఉన్న ఇంట్లోనే జరగాలి. గడప దాటకూడదు. మగ డాక్టరు గడప లోపలికి రాకూడదు. పుష్యం చివర, మాఘం మొదట్లో కాన్పు. అప్పటికి గెడ్డ మోకాలి లోతే ఉంటుంది, వాన సాకు కూడా లేదు. వెళ్ళాల్సినది నేను. మూడో బిడ్డ కూడా పోతే నా మూలంగా పోతుంది. ఆ లెక్క ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.

మా ఆసుపత్రికి అప్పుడే కొత్త డాక్టరు వచ్చారు. పట్నంలో మానసిక రోగుల ఆసుపత్రిలో కొన్నాళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. ఆయనకు కొండలంటే విసుగు లేదు, నా కోపమంటే బెదురు లేదు. మర్నాడు వెళ్ళి ఆయన ముందు కూర్చుని, "నన్ను బదిలీ చేయించండి. గెడ్డ దాటగలిగిన నర్సును వేయించండి" అన్నాను. కారణం చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది. అందుకు ఇంకా కోపమొచ్చింది.

ఆయన బదిలీ సంగతి ఎత్తలేదు. "వెనక్కి తిరిగినప్పుడు ఎలా ఉండేదమ్మా?" అన్నారు.

"హాయిగా ఉండేది."

"ఎంతసేపు?"

"ఇంటికొచ్చేదాకా. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే."

"బడిలో పిల్లలకు సూదులు వేస్తారు కదా. ఒకడు బాగా ఏడిస్తే, పాపమని ఇవాళ్టికి వదిలేశారనుకోండి. వచ్చేసారి వాడు ఎలా ఉంటాడు?"

"గేటు దగ్గర నుంచే ఏడుస్తాడు" అన్నాను. అది నాకు కొట్టినపిండి. వదిలేసినవాడు సూది ఎంత నొప్పో ఎప్పటికీ తెలుసుకోడు. పారిపోవడం ఎంత సుఖమో మాత్రం తెలుసుకుంటాడు. ఆ మాట ఆయన నా నోటితోనే చెప్పించారు.

మళ్ళీ అడిగారు: "ఈ చలిలో చన్నీళ్ళు పోసుకుంటారా?"

"ఏం చేస్తాం? కట్టెలు తడిస్తే పోసుకుంటాం."

"మొదటి చెంబు?"

"ప్రాణం పోతుంది."

"అయిదో చెంబు?"

ఇక చెప్పక్కర్లేకపోయింది. నీళ్ళు అవే, చలి అదే. ఒళ్ళు సర్దుకుంటుంది. మొదటి చెంబుకే లేచి పరిగెత్తేవాడికి ఊరంతా స్నానం చేసి ఎలా బతుకుతోందో అర్థం కాదు. నేను ఏడాదిగా మొదటి చెంబుకే పరిగెత్తుతున్నాను. గట్టు మీద గుండె దడ ఎక్కడిదాకా పెరుగుతుందో చూశాను కానీ, అక్కడే ఉంటే అది దిగుతుందా లేదా అన్నది ఒక్కసారి కూడా చూడలేదు.

"అలాగని వరద గెడ్డలో దిగమనడం లేదు" అన్నారు డాక్టరు గారు. "ఆ భయం ఉండాల్సిందే. మనం పని చెప్పాల్సింది మోకాలి లోతు నీళ్ళ దగ్గర కూడా వచ్చే భయానికి."

ఆయన బీరువాలోంచి ఖాళీ జ్వరం చార్టులు తీసిచ్చారు, రోగి మంచానికి తగిలించేవి. "డిగ్రీలు కొట్టేసి సున్నా నుంచి పదిదాకా భయం రాయండి. అయిదేసి నిమిషాలకొక చుక్క. గట్టు మీద కూర్చోండి. భయం సగానికి దిగేదాకా లేవకండి. దిగాక లేవండి."

ఆ తరువాత ఇద్దరం కూర్చుని మెట్లు రాశాం. మొదటిది, నీళ్ళ చప్పుడు వినపడే మలుపు దగ్గర నిలబడడం. దాని భయం మూడు. గట్టున కూర్చోవడం నాలుగు. నీళ్ళలో పాదాలు పెట్టడం అయిదు. నీళ్ళలో నడిచి దాటడం ఆరు. దుంగ మొదట్లో రెండు కాళ్ళతో నిలబడడం ఏడు. అలా ఒక్కొక్కటే రాసుకుంటూ వెళ్ళి, సంచీతో ఒంటరిగా దుంగ దాటడం దగ్గర పది రాశాను. డాక్టరు గారు మొదటి మెట్టు చూపించి, "రేపు ఇదొక్కటే. రోజూ వెళ్ళాలి. వారానికొకసారి వెళ్ళి వీరంగం ఆడితే లాభం లేదు" అన్నారు.

డాక్టరు గారి ఉత్తరువు కనుక ఆయా నాతో వచ్చేది. మలుపు దగ్గర రాయి మీద కూర్చుని చార్టు మీద చుక్కలు పెడుతుంటే చూసి, "జొరం ఎవులికమ్మా?" అంది.

"నాకే."

"రాయి మీద కూకుంటే తగ్గుద్దేటి?"

తగ్గింది. నమ్మలేకపోయాను. మూడున్నరకు ఎక్కి, పది నిమిషాలు అక్కడే నిలిచి, మెల్లిగా దిగుతూ ఒకటిన్నరకు వచ్చింది. నేనేమీ చెయ్యలేదు. ధైర్యం తెచ్చుకోలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. ఊరికే లేవకుండా కూర్చున్నాను. రెండో రోజు మూడుకే ఆగింది. నాలుగో రోజు ఎంతసేపు కూర్చున్నా ఒకటి దాటలేదు, విసుగు మాత్రం పుట్టింది. ఆ విసుగే మంచి గుర్తన్నారు డాక్టరు గారు. పై మెట్టుకు వెళ్ళమన్నారు.

అన్నీ అంత సాఫీగా జరగలేదు. నీళ్ళలో నడిచి దాటడం నాలుగు రోజుల్లో వచ్చేసింది. అవతలి గట్టున కాలు పెట్టిన రోజున నేను ఆయాని కౌగిలించుకుంటే ఆవిడ బెదిరిపోయింది. దాంతో నాకు తలపొగరెక్కింది. దుంగ మీద నిలబడే మెట్టు ఇంకా పూర్తికాకుండానే, సంతకు పోయేవాళ్ళు చూస్తుండగా, ఎవరో ఆడపిల్ల "నర్సమ్మ దుంగ దాటుతాదేటి?" అని నవ్విందని, కొంగు బిగించి నడిచేశాను. నడిదుంగ మీద కళ్ళు తిరిగాయి. కూలబడి, దోగాడుకుంటూ వెనక్కి వచ్చాను. మర్నాడు నీళ్ళలో దిగడానికి కూడా భయమేసింది. అయిదు దగ్గర ఉండాల్సిన చుక్క ఎనిమిది దగ్గర పెట్టాను.

చార్టు డాక్టరు గారి బల్ల మీద పడేసి, "అయిపోయింది. ఇది నావల్ల కాదు" అన్నాను.

ఆయన చుక్కలన్నీ చూశారు. "భయపడినందుకు రాలేదు ఈ ఎనిమిది. భయం బాగా పైన ఉన్నప్పుడు దిగిపోయి పారిపోయారు. అందుకొచ్చింది. ఏమీ పోలేదు. ఒక మెట్టు దిగి మళ్ళీ కూర్చోండి."

"ఎన్నిసార్లు కూర్చోవాలి?"

"విసుగొచ్చేదాకా."

ఇంకొక సంగతి కూడా ఆయనే పట్టుకున్నారు. ఒకరోజు గట్టుకు వచ్చి చూసి, నేను కర్ర చివర పట్టుకుని కళ్ళు మూసుకుని నడుస్తున్నానని కనిపెట్టారు. కర్ర ఉంటే నడిచాననీ, కర్ర లేకపోతే పడిపోయేదాన్ననీ నా మనసు చెప్పుకుంటోందిట. అంటే నేర్చుకోవాల్సినది నేర్చుకోవడం లేదు. "కళ్ళు తెరవండి. నీళ్ళు చూడండి. కర్ర రేపు కొంచెం పొట్టిది తెమ్మనండి" అన్నారు. ఆయాకి ఆ మాట అస్సలు నచ్చలేదు. మనిషిని దాటించడానికి కర్ర ఇవ్వకపోవడం వాళ్ళ దృష్టిలో మర్యాద కాదు. అయినా రోజూ జానెడు చొప్పున కత్తితో కోసుకొచ్చేది. చివరికి బెత్తెడు మిగిలింది. ఇద్దరం చెరో చివరా రెండు వేళ్ళతో పట్టుకుని నడుస్తుంటే ఆవిడకు నవ్వాగలేదు. "ఇది కర్రేటమ్మా, పళ్ళుతోముకునే పుల్ల!" అని దాన్ని గెడ్డలోకి విసిరేసింది. నేను నడిదుంగ మీద ఉన్నాను. భయం నాలుగు. నిలబడ్డాను. మూడయింది. నడిచాను.

మాఘం మొదట్లో ఒక ఉదయం కోడలుపిల్ల మొగుడు పరుగున వచ్చాడు. నొప్పులు తెల్లవారుజామునే మొదలయ్యాయట. ఆయా ఊళ్ళో లేదు, పెదబయలు వైపు చుట్టాలింటికి వెళ్ళింది. సంచీ సర్దుకుని అతని వెనక బయలుదేరాను. నీళ్ళలో రాళ్ళ మధ్య తడుముకుంటూ వెళ్ళే వ్యవధి లేదు, దుంగే దారి. రాత్రి మంచు పడి దుంగలు తడిగా ఉన్నాయి. అతను అలవాటు చొప్పున వెదురు విరవబోయాడు. వద్దన్నాను. నా భయం ఆరు దగ్గర ఉంది. దాన్ని తగ్గించుకునే తీరిక లేదు. ఆరుతోనే దాటాను. భయం పోయాక దాటడం కాదు, భయం ఉండగానే దాటవచ్చన్నది నాకు తెలిసిన పని అయిపోయిందప్పటికి. అవతలి గట్టు మీద ఆగి చూసుకుంటే మూడే ఉంది.

ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. అత్త, ఊరి మంత్రసాని ముసలమ్మ పక్కన కూర్చుని ఉన్నారు. నీళ్ళు మరిగించమన్నాను, చేతులు కడుక్కున్నాను, బిడ్డ గుండె విన్నాను. బాగానే కొట్టుకుంటోంది. పొద్దు నడినెత్తికి రాకముందే ఆడపిల్ల పుట్టింది. ఒకటి రెండు క్షణాలు ఊరుకుంది. వీపు రాసి, నోరు తుడిచాను. తరువాత గుడిసె ఎగిరిపోయేలా ఏడ్చింది. మరిగించిన బ్లేడుతో బొడ్డు కోసి, గుడ్డలో చుట్టి తల్లివైపు తిప్పాను.

తల్లి గోడవైపు తిరిగి పడుకుంది.

"సూడే, బతికున్నాదే!" అని ముసలమ్మ ఆమె గడ్డం పట్టుకుని ఇటు లాగబోయింది. కోడలుపిల్ల కళ్ళు గట్టిగా మూసేసుకుని చేత్తో ముఖం కప్పుకుంది. ఆ ఇంట్లో బిడ్డ కోసం ఒక్క పాతగుడ్డ కూడా సిద్ధంగా లేదని అప్పుడు గమనించాను. నేను తెచ్చిన గుడ్డే దిక్కయింది. రెండుసార్లు ఆశపడి చూసింది. రెండుసార్లూ చూడకూడనిది చూసింది. ఈసారి చూడకపోతే బాధ ఉండదనుకుంది. తొమ్మిది నెలలూ కడుపు వంక చూసుకోకుండా గడిపిందని అత్త తరువాత చెప్పింది. ఆ గోడవైపు తిరగడం నాకు బాగా తెలిసిన తిరగడమే. ఆ పది అడుగుల హాయి కోసమే ఆమె అటు తిరిగింది.

ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఆపాను. నడిదుంగ మీదికి నెడితే ఏమవుతుందో నాకు తెలుసు.

"నువ్వు చూడొద్దు" అన్నాను. "విను చాలు."

బిడ్డ ఏడుస్తోంది. ఆమె విన్నది. ఊపిరి ఎగశ్వాసగా ఉన్నదల్లా కొంచెం కొంచెంగా నెమ్మదించింది. చాలాసేపు అలాగే కూర్చున్నాను. అత్తకు తొందరగా ఉంది, కళ్ళతోనే కూర్చోమన్నాను. తరువాత బిడ్డ పాదం ఒక్కటే గుడ్డలోంచి బయటికి తీసి, ఆమె వెనక్కి పెట్టుకున్న రెండో చేతికి దగ్గరగా పెట్టాను. వేలు తగలగానే చెయ్యి లాగేసుకుంది. నేను కదల్లేదు. కాసేపటికి ఆ చెయ్యి తనంతట తనే వచ్చింది. పాదం మీద ఒక వేలు, తరువాత రెండు. మడమ తడిమింది. బొటనవేలి నుంచి చిటికెనవేలిదాకా ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. చివరిదాకా వచ్చి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

నా చేతులు తిమ్మిరెక్కాయి. అయినా పాదం అక్కడి నుంచి తీయలేదు.

ఆమె చెయ్యి ఆగింది. పాదాన్ని గుప్పిట్లో పెట్టి మూసింది. అలా మూసి ఉంచి, తల మాత్రం మెల్లిగా ఇటు తిప్పింది. ముందు పాదం చూసింది. ఆ తరువాత ముఖం చూసింది. తరువాత నావైపు చూసి, నేనేదో మహాపరాధం చేసినట్టు కసిరింది.

"కాలు బయట ఒగ్గేసినావేటి నర్సమ్మా? గుంటకి సలి గాదా? ఇలగియ్యి."

ఇచ్చేశాను.